లాభం చేతికొచ్చిందా?

షేరు కొనేముందు కంపెనీ లెక్కల్లో చూడదగ్గవి చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి మీద వేసుకుంటే మొదటిసారి కొనేవాళ్లు నాలుగో పేజీకే పుస్తకం మూసేస్తారు. అందుకని ఈ అధ్యాయంలో ఒక్క ప్రశ్న వెంటే పోదాం. కంపెనీ చూపించిన లాభం నిజంగా డబ్బయి దాని చేతికి వచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు బ్యాలెన్స్ షీటూ, లాభనష్టాల పట్టికా వాటంతటవే అర్థమవుతూ వస్తాయి.

లాభం వేరు, డబ్బు వేరు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక శిల్పశాల లెక్కతో చూద్దాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే, పద్ధతి మాత్రం పెద్ద కంపెనీలు రాసేదే.

ఒక గుడి కమిటీ 6 లక్షలకు విగ్రహం చేయమని చెప్పి, 2 లక్షలు బయానా ఇచ్చింది. మార్చి 31 నాటికి పని సగంలో ఉంది. రాయికీ కూలికీ కలిపి లక్షన్నర ఖర్చయింది. ఆ రోజు శిల్పశాల బ్యాలెన్స్ షీటు ఎలా ఉంటుంది? ఆస్తుల వైపు రెండే ఉంటాయి: చేతిలో మిగిలిన 50 వేలు, సగం చెక్కిన విగ్రహం. ఆ విగ్రహం విలువ లక్షన్నర. అమ్మకం ధర 6 లక్షలు కదా, సగానికి 3 లక్షలు వేసుకోవచ్చు కదా అంటే కుదరదు. అమ్ముడుపోని సరుకును దానికైన ఖర్చుకే రాయాలి. మార్కెట్లో అంతకంటే తక్కువే పలుకుతుందనుకుంటే ఆ తక్కువకే రాయాలి. ఇక అప్పుల వైపు చూస్తే అక్కడ బయానా 2 లక్షలు కనిపిస్తాయి. డబ్బు మన దగ్గరే ఉన్నా అది ఇంకా మనది కాదు. విగ్రహం ఇవ్వకపోతే తిరిగి ఇవ్వాల్సిందే. ఇటు 2 లక్షలు, అటు 2 లక్షలు, సరిపోయింది. ఆ సంవత్సరం లాభం సున్నా.

మరుసటి ఏడాది ఇంకో 2 లక్షలు ఖర్చుపెట్టి విగ్రహం పూర్తిచేసి గుడికి చేర్చారు. కమిటీ ఇంకో లక్ష ఇచ్చి, మిగతా 3 లక్షలు తర్వాత ఇస్తామంది. మళ్లీ మార్చి 31 వచ్చింది. లాభనష్టాల పట్టికలో అమ్మకం 6 లక్షలు, ఖర్చు మూడున్నర లక్షలు, లాభం రెండున్నర లక్షలు. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ శిల్పికి రెండేళ్లలో వచ్చిన డబ్బు 3 లక్షలు, పెట్టింది మూడున్నర లక్షలు. ఆ తక్కువైన 50 వేలు వడ్డీకి తెచ్చుకున్నాడు. రెండున్నర లక్షల లాభం వచ్చిన మనిషి అప్పు తెచ్చుకున్నాడంటే అందులో మోసమేమీ లేదు. అతని లాభమంతా, దానితోపాటు ఆ 50 వేల అప్పూ కమిటీ బాకీలో ఇరుక్కుని ఉన్నాయి. బ్యాలెన్స్ షీటు చూడండి: ఆస్తి 3 లక్షల బాకీ ఒక్కటే. అటువైపు అప్పు 50 వేలు, లాభంగా మిగిలిన సొంత సొమ్ము రెండున్నర లక్షలు.

మొదటి మెట్టు ఇది. లాభనష్టాల పట్టిక ఏడాది పొడుగునా జరిగింది చెబుతుంది, బ్యాలెన్స్ షీటు ఒక్క రోజు నాటి పరిస్థితి చెబుతుంది. లాభం మొదటిదాంట్లో కనిపిస్తుంది, ఆ లాభం ఏ రూపంలో ఉందో రెండోది చెబుతుంది. బ్యాంకులో డబ్బుగా ఉందా, గోడౌన్లో సరుకుగా ఉందా, ఎవరో ఇవ్వాల్సిన బాకీగా ఉందా? సరుకు పాడైపోవచ్చు. బాకీ మునిగిపోవచ్చు. ఆ కమిటీ చీలిపోయి 3 లక్షలు రాకపోతే, పోయినేడు చూపిన లాభం ఈ ఏడు నష్టమై తేలుతుంది.

వార్షిక నివేదికలో మూడో పట్టిక కూడా ఉంటుంది, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అని. అందులో మొదటి భాగం చివర, వ్యాపారం నడపడం వల్ల ఏడాదిలో నికరంగా ఎంత డబ్బు వచ్చిందో ఒక అంకె ఉంటుంది. ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో అంటారు దాన్ని. దాన్నీ, లాభనష్టాల పట్టికలోని నికర లాభాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క ఏడాదికి చూస్తే పొరబడతాం, మన శిల్పి విషయంలో మూడో ఏడు ఆ బాకీ వసూలైతే లాభం లేకుండానే డబ్బొస్తుంది కాబట్టి. అందుకే ఐదేళ్ల లాభాలు ఒక వరసలో రాసి కూడండి, ఐదేళ్ల ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో ఇంకో వరసలో రాసి కూడండి. రెండు మొత్తాలూ దగ్గరగా ఉన్నా, డబ్బే ఎక్కువ ఉన్నా ఫరవాలేదు. లాభాలు 100 కోట్లు, డబ్బు 40 కోట్లే ఉంటే మిగతా 60 కోట్లు ఎక్కడ ఆగాయో బ్యాలెన్స్ షీటులో వెతకాలి. సాధారణంగా అవి బాకీల్లోనో సరుకులోనో దొరుకుతాయి.

బాకీల సంగతి నంద్యాల విత్తనాల దుకాణాల వాళ్లకు నేను చెప్పేదేముంది! రైతుకు అరువు ఇస్తే అమ్మకం పెరుగుతుంది. పంట చేతికొచ్చాకే వసూలు. కంపెనీలూ అమ్మకాలు తగ్గుతున్నాయనుకున్నప్పుడు ఇదే పని చేస్తాయి. మార్చి నెలాఖర్లో డీలర్ల దగ్గరికి అరువు మీద సరుకు తోసేస్తాయి. ఆ ఏడాది అమ్మకం, లాభం రెండూ పెరిగినట్టు కనిపిస్తాయి. పట్టుకునే లెక్క చిన్నదే. బ్యాలెన్స్ షీటులో ట్రేడ్ రిసీవబుల్స్ అనే అంకెను ఏడాది అమ్మకంతో భాగించి 365తో హెచ్చవేయండి. అమ్మకం 730 కోట్లు, రావాల్సిన బాకీ 120 కోట్లు అయితే 60 రోజులు వస్తుంది. సగటున అమ్మిన రెండు నెలలకు డబ్బు చేతికొస్తోందని అర్థం. ఈ 60 మంచిదా చెడ్డదా అని వెంటనే తీర్పు చెప్పకండి. నిరుడు 45, అంతకుముందు 40 అయితే కారణం అడగాల్సిందే. ఐదేళ్లుగా 60 దగ్గరే ఉంటే ఆ వ్యాపారం తీరే అంత.

నంద్యాల, ఆళ్ళగడ్డ వాళ్లకు బాగా తెలిసిన వ్యాపారం కాబట్టి విత్తన కంపెనీ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న కావేరీ సీడ్ కంపెనీ 2007 నుంచి స్టాక్ ఎక్స్చేంజీల్లో ఉంది. పత్తి విత్తనం ఖరీఫ్‌కు ముందే అమ్ముడవుతుంది కాబట్టి ఇలాంటి కంపెనీకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న మూడు నెలల్లోనే ఏడాది అమ్మకాల్లో పెద్ద వాటా వస్తుంది. ఆ మూడు నెలల లాభాన్ని నాలుగుతో హెచ్చవేసి ఏడాది లాభం ఇంత అనుకుంటే నిలువునా మునుగుతాం. పోల్చాల్సింది నిరుటి అవే మూడు నెలలతో. అలాగే మార్చి 31 బ్యాలెన్స్ షీటులో గోడౌన్ నిండా సరుకు కనబడితే అమ్ముడుపోక మిగిలిందని కంగారు పడకూడదు. రాబోయే సీజనుకు సిద్ధం చేసిన విత్తనం అది. డీలర్ల దగ్గర తీసుకున్న అడ్వాన్సులు అప్పుల వైపు కనబడతాయి, మన గుడి కమిటీ బయానా లాగే. ఇక బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ గరిష్ఠ ధరను 2016 నుంచి కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తోంది. ఖర్చులు పెరిగినంత మాత్రాన కంపెనీ ఆ ధరను తనంతట తాను దాటలేదు. ఈ సంగతి పట్టికల్లో ఏ వరసలోనూ ఉండదు. వ్యాపారం తెలిసినవాళ్లకే తట్టే విషయం. అందుకే మొదటి షేరుకు మీకు లోపలి గుట్టు తెలిసిన వ్యాపారాన్నే ఎంచుకొమ్మంటాను.

సత్యం లెక్క

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి. బ్యాంకులో ఉందన్న డబ్బు ఉందని. అదే లేకపోతే? హైదరాబాద్‌లో సరిగ్గా ఇదే జరిగింది. షేర్లు కొనే ప్రతి తెలుగువారూ ఈ లెక్కను ఒక్కసారైనా కాగితం మీద వేసి చూడాలి.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధిపతి బి. రామలింగరాజు కంపెనీ బోర్డుకు తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీటులో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని చూపించారు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. వస్తుందని చూపిన వడ్డీ 376 కోట్లు లేదు. ఖాతాదారుల నుంచి రావాల్సిన బాకీలు 2,651 కోట్లని చూపిస్తే అందులో 490 కోట్లు ఉత్తవి. మరోవైపు కంపెనీకి తెచ్చిపెట్టిన 1,230 కోట్ల అప్పు పుస్తకాల్లో ఎక్కలేదు. నాలుగూ కలిపితే 7,136 కోట్లు.

అదే ఉత్తరంలో ఇంకో వరుస అంకెలున్నాయి. ఆ సెప్టెంబర్ 30తో ముగిసిన మూడు నెలలకు చూపిన ఆదాయం 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. తేడా 588. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. తేడా మళ్లీ 588. ఆ మూడు నెలల్లో లేని నగదు ఎంత పెరిగింది? అదీ 588 కోట్లే.

ఇవి ఒకే అంకె కావడం యాదృచ్ఛికం కాదు. నిజమైన అమ్మకానికి ఖర్చు ఉంటుంది. జీతాలివ్వాలి, అద్దె కట్టాలి. దొంగ బిల్లుకు ఖర్చేముంటుంది? రాసినదంతా నేరుగా లాభంలో పడుతుంది. ఆ తర్వాత బిల్లు డబ్బు ఎక్కడో ఒకచోట కనబడాలి కదా. బాకీగానే ఉంచితే మనం ఇందాక వేసిన రోజుల లెక్కలో పట్టుబడుతుంది, 60 రోజులు కాస్తా 100, 150 అవుతాయి. అందుకని వసూలైపోయినట్టు రాసి బ్యాంకు నిల్వలో కలిపేశారు. అందుకే బాకీల్లో బూటకం 490 కోట్లే, నగదులో 5,040 కోట్లు. ఐదేళ్ల లాభాన్నీ ఐదేళ్ల ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోనూ పోల్చే పరీక్ష సత్యం దగ్గర పనిచేయదు. రెండూ కలిసే పెరిగాయి. ఆదాయంలో 24 శాతమని చూపిన నిర్వహణ లాభం కూడా ఆ రోజుల్లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల పక్కన పెడితే వింతగా అనిపించేది కాదు. అసలు లాభం 3 శాతమే.

మరి మామూలు మదుపరికి దారి లేదా? పూర్తిగా లేదని నేను అనను. డబ్బు నిజంగా ఉంటే అది డబ్బులాగే నడుచుకుంటుంది. వడ్డీ తెస్తుంది. అప్పు తీరుస్తుంది. వాటాదార్లకు డివిడెండుగా వస్తుంది. ఆ నడక ఉందో లేదో చూడాలి.

సెబీ దర్యాప్తులో తేలినదాని ప్రకారం ఆ 5,040 కోట్లలో సుమారు 3,308 కోట్లు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగానూ, 1,732 కోట్లు కరెంట్ ఖాతా నిల్వలుగానూ చూపించారు. కరెంట్ ఖాతాకు వడ్డీ రాదు. రోజువారీ చెల్లింపులకు కావాల్సినంత ఉంచుకుంటారు ఎవరైనా. రెండు వేల కోట్లకు దగ్గరపడే డబ్బును వడ్డీ లేకుండా ఎవరుంచుతారు? ఇక డిపాజిట్ల వడ్డీ చూడండి. 3,308 కోట్లకు ఏడాదికి 9 శాతం వేసుకున్నా 298 కోట్లు. రావాల్సిన వడ్డీ అని చూపింది 376 కోట్లు. ఒక ఏడాది వడ్డీకంటే ఎక్కువే ఇంకా చేతికి రాకుండా నిలిచి ఉందన్నమాట. గడువు తీరాకే వడ్డీ ఇచ్చే డిపాజిట్లయితే అలా జరగవచ్చు, కాబట్టి ఇది రుజువు కాదు. కానీ ఇంత నగదున్న కంపెనీ వడ్డీని కూడా కాగితం మీదే ఉంచుకుంటోందెందుకని అడగదగ్గ ప్రశ్నే.

ఈ పరీక్షను మీరు ఏ కంపెనీకైనా చేయొచ్చు. బ్యాలెన్స్ షీటులో నగదు, బ్యాంకు నిల్వలు, మదుపులు కూడండి. నిరుటివీ కూడండి. రెండింటి సగటు తీసుకోండి. లాభనష్టాల పట్టికలో ఇతర ఆదాయం అనే వరస పక్కన ఒక నోట్ సంఖ్య ఉంటుంది. ఆ నోట్‌లోకి వెళ్తే వడ్డీ ఎంతో విడిగా రాసి ఉంటుంది. దాన్ని ఆ సగటుతో భాగించండి. బ్యాంకు డిపాజిట్ల మీద అప్పుడు నడుస్తున్న వడ్డీకి కాస్త అటూ ఇటూగా వస్తే సరే. 500 కోట్ల నగదు చూపించి 8 కోట్ల వడ్డీ చూపితే అనుమానించాల్సినవి రెండు: మార్చి 31న మాత్రమే డబ్బు తెచ్చి చూపించి ఏప్రిల్‌లో వెనక్కి పంపించేశారు, లేదంటే ఆ డబ్బు లేదు. డబ్బును వడ్డీ రాని చోట, అంటే మ్యూచువల్ ఫండ్లలాంటి వాటిలో పెట్టి ఉంటే మాత్రం లెక్క మారుతుంది, నోట్‌లో చూసుకోవాలి. అలాగే చేతిలో అంత నగదు పెట్టుకుని పక్కనే అంతకంటే ఎక్కువ వడ్డీకి అప్పు తెస్తున్న కంపెనీ కూడా అనుమానించదగ్గదే.

సత్యం విషయంలో లెక్కల బయట కూడా గుర్తులున్నాయి. 2001లో కంపెనీలో నాలుగో వంతు వాటా ఉన్న ప్రమోటర్లకు 2008 నాటికి 9 శాతం కంటే తక్కువే మిగిలింది. ఆ మిగిలిన షేర్లను కూడా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. 2008 డిసెంబర్ 16న కంపెనీ నగదుతో రాజు కుటుంబానివే అయిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించారు. వాటాదారులు మండిపడేసరికి కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని డబ్బు స్థానంలో నిజమైన ఆస్తులు తెచ్చి కూర్చోబెట్టే ప్రయత్నమని మూడు వారాల తర్వాత ఉత్తరంలోనే బయటపడింది. జనవరి 7న ఆ షేరు 180 రూపాయల చుట్టుపక్కల నుంచి 40 దగ్గరికి పడిపోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం రాజుకూ, మరి తొమ్మిదిమందికీ శిక్ష వేసింది. ఆ కంపెనీ పుస్తకాల మీద పెద్ద ఆడిట్ సంస్థ సంతకముంది. 2008లోనే మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డూ ఇచ్చారు. సంతకాన్నీ అవార్డునూ చూసి డబ్బు పెట్టినవాళ్లను తప్పుపట్టను. ఆ రోజుల్లో ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెడితే బయటికి చెప్పాలన్న నిబంధన కూడా లేదు. సత్యం తర్వాతే, అదే జనవరిలో, సెబీ దాన్ని తప్పనిసరి చేసింది.

ఇంట్లో కూర్చుని చేసే పని

ఇప్పుడు ఇలాంటి సమాచారమంతా మీ ఫోన్లోనే ఉంటుంది. bseindia.com లో కంపెనీ పేరు కొడితే వార్షిక నివేదికలు ఏళ్లవారీగా వస్తాయి, ప్రమోటర్ల వాటా, తాకట్టు వివరాలు మూడు నెలలకోసారి వస్తాయి. షేరు ధర చూపించే యాప్‌లో నాలుగు అంకెలు చూసి ఊరుకోకుండా నివేదికే తెరవండి. రెండు రకాల పట్టికలుంటాయి: కంపెనీ ఒక్కదానిదే స్టాండలోన్, అనుబంధ కంపెనీలతో కలిపినది కన్సాలిడేటెడ్. రెండోది చూడాలి. మొదటిదాంట్లో కనబడని అప్పులు అనుబంధ కంపెనీల్లో ఉండొచ్చు. పట్టిక పైన మూలన లక్షల్లోనా, కోట్లలోనా, మిలియన్లలోనా అని రాసి ఉంటుంది. దాన్ని గమనించకపోతే కోటిని లక్షగా చదువుతాం. బ్రాకెట్లలో ఉన్న అంకెలన్నీ మైనస్ అని గుర్తు.

నేనైతే మొదట ఆడిటర్ నివేదిక చదువుతాను. మామూలుగా లెక్కలు సరిగ్గా ఉన్నాయని ఒక అభిప్రాయం రాస్తారు. ఫలానా విషయం మినహా అని మెలిక పెట్టి క్వాలిఫైడ్ ఒపీనియన్ ఇస్తే ఆ పేరా రెండుసార్లు చదవాలి. దేని మీద ఆధారాలు దొరకలేదన్నారో చూడాలి. ఆడిటర్ గడువు తీరకుండానే మధ్యలో తప్పుకుంటే నేను ఆ కంపెనీ ఊసెత్తను. తర్వాత రిలేటెడ్ పార్టీ నోట్‌కు వెళ్లాలి. ప్రమోటర్ కుటుంబ కంపెనీలకు అప్పులిచ్చారా, వాటి దగ్గర కొన్నారా, వాటికి అమ్మారా అన్నది అక్కడుంటుంది. మేటాస్ లాంటివి పెద్ద ప్రకటనలతో రాకముందు చిన్నచిన్న అప్పులుగా ఆ నోట్‌లోనే మొదలయ్యే అవకాశం ఎక్కువ.

ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద ఐదేళ్లకు ఐదు గడులు గీసి ఆరు వరసలు రాయండి: అమ్మకం, నికర లాభం, ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో, రావాల్సిన బాకీలు, మొత్తం అప్పు, నగదు నిల్వ. ఐదు నివేదికలు తెరవాల్సిన పని లేదు. ప్రతి నివేదికలోనూ నిరుటి అంకెలు పక్కనే ఉంటాయి కాబట్టి మూడు చాలు. కాగితం నిండాక చూస్తే కథ కనబడుతుంది. అమ్మకం రెట్టింపై అప్పు మూడు రెట్లైతే, పెరిగిన వ్యాపారాన్ని నడిపింది బ్యాంకువాళ్ల డబ్బని తెలిసిపోతుంది.

బ్యాంకులకూ, అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలకూ ఈ కాగితం పనికిరాదు. వాళ్లకు అప్పు అంటే సరుకు. జనం వేసే డిపాజిట్లు వాళ్ల బ్యాలెన్స్ షీటులో అప్పుల వైపు ఉంటాయి, ఇచ్చిన రుణాలు ఆస్తుల వైపు ఉంటాయి. రుణాలు జోరుగా ఇస్తున్న ఏడాది ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో మైనస్‌లోకి పోతే అందులో తప్పేమీ లేదు. అక్కడ చూడాల్సింది వసూలుకాని రుణాలెన్ని, వాటికి ఎంత పక్కన పెట్టారన్నది. ఆ లెక్క ఇంకో అధ్యాయంలో చూద్దాం. ఈలోగా మీ మొదటి కాగితం విత్తనాలో, మందులో, ఇంకేదైనా సరుకో తయారుచేసే కంపెనీ మీద నింపండి.